లోడ్ బోర్డు అంకె వెనక ఉన్న షరతులు

2016 మే నెలలో ఇంగ్లండ్‌లోని హిన్‌స్టాక్ అనే ఊళ్లో ఒక గోదాములో జున్ను నిల్వచేసిన ర్యాకులు కూలిపోయాయి. ఒక వరుస పడుతూ పక్క వరుసను తన్నింది, అది ఇంకో వరుసను తన్నింది. ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతున్న మనిషి ఆ కుప్ప కింద గంటల తరబడి ఇరుక్కుపోయాడు. అదృష్టం బాగుండి ప్రాణాలతో బయటికొచ్చాడు. ర్యాక్ కూలడమంటే ఒక అర విరిగి నాలుగు పెట్టెలు కింద పడటం కాదు. ఒక కంబం లొంగిపోతే అది మోస్తున్న బరువు క్షణంలో పక్క కంబాల మీద పడుతుంది. అవి అప్పటికే నిండుగా ఉంటే వాటికీ అదే గతి.

మేడ్చల్, పటాన్‌చెరు, శంషాబాద్, గన్నవరం చుట్టుపక్కల గోదాములు పెరిగినకొద్దీ నిన్నటిదాకా ఫోర్క్‌లిఫ్ట్ నడిపినవాళ్లు, పికింగ్ చేసినవాళ్లు ఈరోజు సూపర్‌వైజర్లు అవుతున్నారు. వాళ్లకు సరుకు లెక్కలు, లారీ టైములు, షిఫ్టు మనుషులు అన్నీ తెలుసు. కానీ ర్యాక్‌ను చూడటం ఎవరూ నేర్పరు. వరుస చివర ఒక లోడ్ బోర్డు వేలాడుతుంది. దాని మీద ‘ఒక్కో లెవెల్‌కు 2000 కిలోలు’ అని ఉంటుంది. ఆ అంకె దాటకపోతే చాలనుకుంటారు. నిజానికి ఆ అంకె కొన్ని షరతుల మీద నిలబడింది. కంబాలు నిటారుగా ఉండాలి, బీములు బిగించిన చోటే ఉండాలి, పిన్నులన్నీ ఉండాలి. ఈ షరతుల్లో ఏది తప్పినా బోర్డు మీది అంకె మారదు, ర్యాక్ బలం మాత్రం మారిపోతుంది. ఆ తేడాను కనిపెట్టడమే సూపర్‌వైజర్ పని.

కొత్త పాఠకుల కోసం రెండు మాటలు. ర్యాక్‌లో నిలువుగా ఉండే కంబాన్ని అప్‌రైట్ అంటారు. ముందొకటి వెనకొకటి రెండు అప్‌రైట్లను అడ్డపట్టీలతో కలిపితే ఒక ఫ్రేమ్. ఆ అడ్డపట్టీలే బ్రేసింగ్. రెండు ఫ్రేముల మధ్య అడ్డంగా తగిలించేవి బీములు. ఆ రెండు ఫ్రేముల మధ్య జాగా మొత్తం ఒక బే. బీము చివరల కొక్కేలు అప్‌రైట్ మీది చిల్లుల్లో దిగుతాయి. పైకి లేచి ఊడిపోకుండా చిన్న సేఫ్టీ పిన్ను పెడతారు. అప్‌రైట్ చూడటానికి దుంగలా కనిపించినా అది పలుచని ఉక్కు రేకును మడిచి చేసినదే. దాని బలమంతా ఆ మడతల ఆకారంలో, అది నిటారుగా ఉండటంలో ఉంటుంది.

రెండు వేల కిలోలంటే ఏమిటి

ఒక బే తీసుకుందాం. బీము పొడవు 2300 మిల్లీమీటర్లు. ఒక్కో లెవెల్ మీద రెండు ప్యాలెట్లు పడతాయి. నేల మీద పెట్టినవి కాక పైన మూడు లెవెళ్లు. లెవెల్‌కు 2000 కిలోలు, మొత్తం బేకు 6000 కిలోలు అని బోర్డు చెబుతోంది. నేల మీద పెట్టిన ప్యాలెట్ల బరువు ర్యాక్ మోయదు కాబట్టి దాన్ని ఇందులో కలపక్కర్లేదు.

బియ్యం లోడు వచ్చింది. 25 కిలోల బస్తాలు, వరసకు 5 చొప్పున 8 వరసలు, ప్యాలెట్‌కు 40 బస్తాలు. అంటే 1000 కిలోలు. రెండు ప్యాలెట్లు పెడితే సరిగ్గా 2000. లెక్క సరిపోయిందని పైకెక్కించేస్తారు. ఇక్కడ మరిచిపోయింది చెక్క ప్యాలెట్ సొంత బరువు. ఒక్కోటి 25 కిలోలు తూగినా లెవెల్ మీద 2050 అవుతుంది. ఆ 50 కిలోలకే ర్యాక్ కూలదు. తయారీదారు కొంత మిగులు బలం ఉంచే లెక్కకడతాడు. కానీ ఆ మిగులు మనం వాడుకోవడానికి ఇచ్చింది కాదు. ప్యాలెట్‌ను దించేటప్పుడు తగిలే కుదుపుకు, బిగింపుల్లోని చిన్న తేడాలకు దాన్ని ఖర్చుపెట్టి ఉంచారు. రోజూ దాన్ని మనం తినేస్తే అసలు అవసరమొచ్చిన రోజున ఏమీ మిగలదు. ఇక్కడ దారి సులువే. ఒక వరస తీసేసి 35 బస్తాలు కట్టించాలి. 875 కిలోలకు ప్యాలెట్ 25 కలిపితే 900. రెండూ కలిసి 1800. లారీ దిగుతున్నప్పుడే ఈ మాట హమాలీలకు చెప్పాలి. పైకెక్కించాక చెబితే పని రెట్టింపవుతుంది.

ఇంకో సంగతి. బోర్డు మీది 2000 కిలోలు బీము పొడవునా సమంగా పరుచుకున్న బరువు. ఒకే బరువైన యంత్రం పెట్టెను ఇరుకైన దిమ్మ మీద బీము నడిమధ్యన పెడితే, అదే బరువుకు బీము మీద వంపు ఒత్తిడి రెట్టింపవుతుంది. ‘పదహారు వందల కిలోలే కదా, రెండువేలకు లోపలే ఉంది’ అనే లెక్క అక్కడ పనిచేయదు. అలాంటి పెట్టెను నేల మీదే ఉంచాలి, లేదా ర్యాక్ ఇచ్చిన కంపెనీని అడగాలి.

అన్నిటికంటే ఎక్కువ మోసం చేసేది బీములు జరపడం. పొడుగు ప్యాలెట్లు వచ్చాయని మొదటి బీమును నేల నుంచి 1500 మిల్లీమీటర్ల దగ్గర తీసి 2100 దగ్గర పెడతారు. సుత్తి, నిచ్చెన, ఇద్దరు మనుషులు ఉంటే అరగంట పని. చూడటానికి ఏమీ మారలేదు. కానీ నిలువు కంబం నలిగి విరగదు, పక్కకు వంగి లొంగిపోతుంది. ఎంత పొడవు వరకు దానికి పక్క ఆసరా లేదో దాన్నిబట్టి అది ఎప్పుడు వంగుతుందో ఉంటుంది. సన్నటి పొడుగు కంబానికి ఆసరా లేని పొడవు రెట్టింపైతే వంగకుండా మోయగల బరువు నాలుగో వంతుకు పడిపోతుంది. ఇది పద్దెనిమిదో శతాబ్దంలో ఆయిలర్ అనే గణితవేత్త చూపిన సూత్రం. 1500ను 2100 చేస్తే ఆ లెక్క ప్రకారం బలం దాదాపు సగమవుతుంది. నిజం ర్యాక్‌లో అడ్డపట్టీలు, బీము బిగింపులు, నేల బోల్టులు కూడా ఉంటాయి కాబట్టి తగ్గుదల అంతే ఉండదు. అది ఎంతో తయారీదారు పట్టికే చెప్పాలి. అందుకే బీము ఒక్క చిల్లు పైకి జరిపినా కొత్త లోడ్ బోర్డు తెప్పించాలి. పాత బోర్డు అప్పటికి వేరే ర్యాక్ గురించి మాట్లాడుతున్నట్టే.

కొత్త సూపర్‌వైజర్ మొదటి వారంలోనే టేపు పట్టుకుని ప్రతి వరుసలో మొదటి బీము ఎత్తు కొలిచి బోర్డుతో సరిచూడాలని నేను గట్టిగా చెబుతాను. పాత సూపర్‌వైజర్ కాలంలో ఏం జరిపారో కాగితాల్లో ఉండకపోవచ్చు. టేపు మాత్రం దాచదు.

మీటరు బద్ద, రెండు డ్రిల్ బిట్లు

యూరప్‌లో ర్యాకుల వాడకానికి, తనిఖీకి ఈఎన్ 15635 అనే ప్రమాణం ఉంది. మన దగ్గర కూడా చాలా ర్యాక్ కంపెనీలు, పెద్ద గోదాములు దాన్నే పట్టుకుంటాయి. అందులో తనిఖీ మూడు అంచెలు. ఎవరి కంట ఏ దెబ్బ పడినా అప్పటికప్పుడు చెప్పడం మొదటిది. వారానికోసారి గోదాములోనే ఒక బాధ్యుడు తిరిగి చూసి రాయడం రెండోది. ఏడాదికి మించకుండా నిపుణుడి చేత చూపించడం మూడోది. ఆ రెండో అంచె సాధారణంగా సూపర్‌వైజర్ మీద పడుతుంది.

వారం తనిఖీకి పెద్ద పరికరాలు అక్కర్లేదు. ఒక మీటరు పొడవున్న వంకర లేని అల్యూమినియం బద్ద, 3 మిల్లీమీటర్లది 5 మిల్లీమీటర్లది చెరో డ్రిల్ బిట్టు, టార్చి, పెన్ను చాలు. వంగిన చోటు బద్ద నడుమకు వచ్చేలా, పల్లం పడిన వైపు నుంచి బద్దను అప్‌రైట్‌కు ఆనించాలి. బద్దకూ ఉక్కుకూ మధ్య సందులో బిట్టు దూరుతుందేమో చూడాలి.

వంపు ఏ దిక్కుకు ఉందన్నది ముఖ్యం. దారి వైపు నుంచి దెబ్బ తగిలి అప్‌రైట్ ర్యాక్ లోపలికి నొక్కుకుంటే, అంటే ఫ్రేమ్ లోతు దిశలో వంగితే, హద్దు 3 మిల్లీమీటర్లు. బీముల వెంబడి, పక్క బే వైపుకు వంగితే 5. అడ్డపట్టీలకు 10. ఆ హద్దు లోపలుంటే ఆకుపచ్చ. రాసుకుని గమనిస్తూ ఉంటే చాలు. హద్దు దాటి దానికి రెట్టింపు లోపలుంటే పసుపు. ఆ చోటు ఖాళీ అయ్యాక మరమ్మతు అయ్యేదాకా మళ్లీ నింపకూడదు. నాలుగు వారాల్లో బాగుచేయకపోతే దాన్ని ఎరుపుగానే చూడాలి. రెట్టింపైనా దాటినా ఎరుపు. అప్పుడు వెంటనే ఖాళీ చేయాలి.

ఈ కొలతలు మెల్లగా వంపు తిరిగిన కంబానికే. ఉక్కు చినిగినా, మడత పడినా, వెల్డింగ్ పగిలినా బద్దతో పని లేదు. అక్కడ వాడకం ఆపేసి నిపుణుడిని పిలవాలి. సుత్తితో కొట్టి నిటారు చేయించడం, పగులుకు వెల్డింగ్ పెట్టించడం రెండూ చేయకూడదు. ఒకసారి మడత పడిన పలుచని రేకును కొట్టి సరిచేస్తే కంటికి నిటారుగా కనిపిస్తుంది, బలం మాత్రం తిరిగి రాదు. పైగా తరువాత చూసేవాళ్లకు అక్కడ దెబ్బ ఉన్నట్టే తెలియదు.

చూడాల్సింది ఎక్కువగా నేల నుంచి మొదటి మీటరు ఎత్తులోనే ఉంటుంది, అందులోనూ వరుసల చివర, మలుపుల దగ్గర. అప్‌రైట్ అడుగున పసుపు రంగు రక్షణ కవచం ఉంటే దాని వెనకకు టార్చి వేసి చూడాలి. కవచం దెబ్బను మింగేసి లోపలి వంపును దాచేస్తుంది. బీముల దగ్గర ముందు పిన్నులు లెక్కపెట్టాలి. ఫోర్కులు పైకెత్తుతూ కిందనుంచి బీమును తాకితే, పిన్ను లేని బీము కొక్కేల నుంచి లేచి వచ్చేస్తుంది. బరువు కింద బీము కొద్దిగా కుంగడం మామూలే. 2300 బీముకు, పొడవులో రెండువందల వంతు, అంటే 11.5 మిల్లీమీటర్ల దాకా సరే. బరువు తీసేశాక అది మళ్లీ పైకి రావాలి. ఖాళీ బీము కింద దారం లాగి చూస్తే ఇంకా రెండు మిల్లీమీటర్లు దాటి కుంగే ఉందంటే దాన్ని తీసేయాల్సిందే.

బి-7 దగ్గర జరిగింది

ఇదంతా ఒకే చోట ఎలా కలుస్తుందో ఒక ఊహా సందర్భంలో చూద్దాం. రాత్రి షిఫ్టు. బి వరుసలో ఏడో అప్‌రైట్. పొద్దున్నే రౌండుకు వచ్చిన కొత్త సూపర్‌వైజర్‌కు నేల నుంచి నలభై సెంటీమీటర్ల ఎత్తున రంగు గీసుకుపోయి, లోపలి ఉక్కు మెరుస్తూ కనిపించింది. తుప్పు లేదు, అంటే దెబ్బ కొత్తది. డ్యూటీ దిగిపోతున్న ఆపరేటర్ వయసులో పెద్దవాడు, నిన్నటిదాకా ఇద్దరూ ఒకే షిఫ్టు.

‘అన్నా, రాత్రి బి-7 దగ్గర ఏమైంది?’

‘ఏం గాలె తమ్మీ. మలుపుకాడ బండి వెనకది జర తగిలింది. ర్యాక్ కదల్లేదు. రాస్తే నా జీతంల కోస్తరు.’

‘కోయరన్నా, నేను పేరు కోసం అడుగుతలేను. ఎటు తిప్పుతుంటే తగిలింది, చూపియ్యి.’

బద్ద పెడితే 3 బిట్టు తేలికగా దూరింది, 5 దూరలేదు. వంపు ర్యాక్ లోపలికి. అంటే మూడుకు పైన, ఆరుకు లోపల. పసుపు. అప్పుడే పసుపు ట్యాగ్ కట్టి, తేదీ, కొలత, దిక్కు రాసి పెట్టాలి. సిస్టమ్‌లో ఆ స్థలాలను బ్లాక్ చేయించాలి. లేకపోతే ఖాళీ కనబడగానే కంప్యూటరే మళ్లీ సరుకు పంపుతుంది.

ఏ స్థలాలు? ఇక్కడే చాలామంది పొరబడతారు. నడుమనున్న ఫ్రేమ్ ఎడమ బే బరువులో సగం, కుడి బే బరువులో సగం మోస్తుంది. రెండు బేలూ నిండితే చెరో 3000, మొత్తం 6000 కిలోలు ఒకే ఫ్రేమ్ మీద ఉంటాయి. అందులో ముందు అప్‌రైట్ వాటా 3000. కాబట్టి ఆ కంబానికి రెండు వైపుల బేలూ బ్లాక్ కావాలి, దెబ్బకు పైనున్న లెవెళ్లన్నీ. పక్కనున్న ఒక్క ప్యాలెట్ దించితే సరిపోదు.

ఇదే కొలత ఆరో ఏడో వచ్చి ఉంటే ఎరుపు. అప్పుడు ముందు దారి మూసి మనుషుల్ని పంపేయాలి. అటు తరువాత అనుభవమున్న ఒక్క ఆపరేటర్ చేత పై లెవెల్ నుంచి కిందికి రెండు బేలూ ఖాళీ చేయించాలి. కంబం కంటికే వంకరగా కనిపిస్తున్నా, మడత పడినా అసలు దగ్గరికే ఎవరినీ పంపకుండా ర్యాక్ కంపెనీని పిలవాలి. బరువు దించేటప్పటి కుదుపే దానికి ఆఖరి దెబ్బ కావచ్చు.

కొలత అయింది. ఇంకా సగం పని మిగిలింది: ఎందుకు తగిలింది? ఎవరికీ గాయం కాలేదు, సరుకు పడలేదు, కాబట్టి ఇది నియర్ మిస్. దీని రిపోర్టు పొడుగ్గా ఉండక్కర్లేదు. ఏ కంబం, ఏ టైము, ఏ బండి, అప్పుడేం చేస్తున్నారు, ఏం తగిలింది. ఈ ఐదూ ఉంటే చాలు. ‘ఆపరేటర్ అజాగ్రత్త’ అని కారణం రాయడం మాత్రం వద్దు. అది రాశాక ఇంకేమీ వెతకబుద్ధి కాదు.

ఆపరేటర్ బండి తిప్పి చూపించాడు. ప్యాలెట్ పెట్టడానికి ముందుకు తిరుగుతుంటే బండి వెనక బరువు దిమ్మ ఎదుటి వరుస వైపుకు ఊగుతోంది. రిజిస్టరు తిరగేస్తే ఆ నెలలోనే బి వరుసలో ఇంకో రెండుచోట్ల గీతలు రాసి ఉన్నాయి, అన్నీ అదే ఎత్తున. అంతకుముందు నెలల్లో ఒక్కటీ లేదు. ఏం మారింది? గోదాము రీచ్ ట్రక్ మరమ్మతుకు వెళ్లింది. దాని బదులు బయటనుంచి మామూలు కౌంటర్‌బ్యాలెన్స్ ఫోర్క్‌లిఫ్ట్ అద్దెకు తెచ్చారు. ఆ దారిని రీచ్ ట్రక్ కోసం 2.9 మీటర్లు పెట్టి కట్టారు. అద్దె బండి సరుకుతో తిరగాలంటే మూడున్నర మీటర్ల దాకా కావాలి. ఏ మనిషి నడిపినా అక్కడ తగిలేదే. ఆపరేటర్ జీతం కోసి ఉంటే మరుసటి గీత ఎవరూ చెప్పేవారు కాదు, బండి మాత్రం అదే దారిలో తిరుగుతూనే ఉండేది.

నియర్ మిస్‌ల గురించి చెప్పేటప్పుడు హైన్‌రిక్ త్రికోణం తరచూ వినిపిస్తుంది. 1931లో ఒక అమెరికన్ బీమా ఉద్యోగి తన పుస్తకంలో ఒక పెద్ద గాయానికి 29 చిన్న గాయాలు, 300 గాయం లేని ఘటనలు ఉంటాయని రాశాడు. ఆ నిష్పత్తిని ప్రకృతి నియమంలా పట్టుకోవడం సరికాదు, తరువాతి వాళ్లు దాన్ని చాలా ప్రశ్నించారు. గోదాములో అంతకంటే పనికొచ్చేది ఎన్ని రిపోర్టులు వచ్చాయన్నది కాదు, ఎక్కడ గుమిగూడాయన్నది. అందుకే రిపోర్టుల్ని ఫైలులో పెట్టేకంటే గోదాము ప్లాను మీద చుక్కలు పెట్టుకోవడం మేలు. మూడు చుక్కలు ఒకే దారిలో పడితే అక్కడ బండినో, దారినో, వెలుతురునో చూడాలి. నెలకు ఇన్ని రిపోర్టులు రాయాలని టార్గెట్ పెడితే పనికిమాలిన కాగితాలు వస్తాయి. సున్నా రిపోర్టులకు బహుమతి పెడితే దెబ్బలు రంగు వేసి దాచేస్తారు. కొత్త రంగు పూసిన ఒక్క అప్‌రైట్ కనిపిస్తే అక్కడ తప్పకుండా బద్ద పెట్టి చూడాలి.

కాంట్రాక్టు మీద వచ్చినవాళ్ల దగ్గర ఇది మరీ కష్టం. రేపు పిలుస్తారో లేదో తెలియని మనిషి తన చేతి దెబ్బ తానెందుకు చెబుతాడు? అందుకని ‘దెబ్బ చెప్పినందుకు ఎవరికీ కోత ఉండదు’ అన్న మాటను సూపర్‌వైజర్ ముందే మేనేజరు దగ్గర, కాంట్రాక్టరు దగ్గర ఖాయం చేసుకోవాలి. ఆ మాట లేకుండా ఆపరేటర్‌కు హామీ ఇస్తే మొదటి కోతతోనే అతని నోరు మూతబడుతుంది. చెప్పినవాడికి ఆ వారంలోనే ఏం చేశామో తిరిగి చెప్పడం కూడా అంతే అవసరం. బి-7 విషయంలో అతనికి చెప్పాల్సింది ఇది: అద్దె బండిని ఈరోజు నుంచి వెడల్పైన ఏ, డి వరుసలకే పరిమితం చేశాం. రీచ్ ట్రక్ వచ్చేదాకా బి, సి వరుసల సరుకు పగటిపూట వేరే గోదాము రీచ్ ట్రక్‌తో తీస్తాం.

ఇక కంబం మార్చడం. అదే తయారీదారు, అదే నమూనా అప్‌రైట్ తెప్పించాలి. చిల్లులు కలిశాయి కదా అని వేరే కంపెనీది బిగిస్తే లోడ్ బోర్డుకు విలువ ఉండదు. రెండు బేలూ పూర్తిగా ఖాళీ అయ్యాకే మార్పు జరగాలి. బిగింపు అయ్యాక నేల బోల్టులు, నాలుగు వైపుల పిన్నులు, కంబం నిటారు, మొదటి బీము ఎత్తు ఒక్కొక్కటి చూసి, తేదీ వేసి సంతకం పెట్టాక పసుపు ట్యాగ్ తీయాలి, సిస్టమ్‌లో బ్లాక్ తీయించాలి. కొత్త అప్‌రైట్ అడుగున ఈసారి రక్షణ కవచం కూడా వేయించాలి, కనీసం నలభై సెంటీమీటర్ల ఎత్తుది. కానీ బి-7కు తగిలిన దెబ్బ సరిగ్గా ఆ ఎత్తుదే కాబట్టి, ఆ బండి బరువు దిమ్మ ఏ ఎత్తులో తాకుతుందో కొలిచాకే కవచం ఆర్డరు పెట్టాలి.